బూందీ పూసలో ఖాళీ ఎవరిది?

లడ్డు గట్టిపడితే మన ఇళ్లలో ముందుగా నింద పడేది పాకం మీద. ముదిరిపోయిందనో, తీగ సరిగ్గా చూడలేదనో అంటారు. పాకం తప్పు ఉండొచ్చు గానీ, అది పొయ్యి దిగేసరికే లడ్డు భవిష్యత్తు సగానికి పైగా తేలిపోయి ఉంటుంది. తేల్చేది బూందీ పూస.

జారుగా కలిపిన శనగపిండిలో బరువు ప్రకారం సుమారు సగం నీరు. చుక్క నూనెలో పడగానే ఆ నీరు ఆవిరై బయటికి పరుగెడుతుంది. అది ఉన్న చోట కంటికి ఆనని బుల్లి బుల్లి ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీల్లో చివరికి ఏం చేరుతుందన్నదే ఈ అధ్యాయానికి అసలు ప్రశ్న. గాలి ఉండిపోతే పూస కరకరలాడుతుంది, కారబూందీకి కావలసింది అదే. నూనె చేరితే పూస బరువెక్కి, పాకాన్ని దగ్గరికి రానివ్వదు. పాకం చేరితేనే లడ్డు మెత్తన. పిండి ఎంత జారుగా ఉండాలి, నూనె ఎంత కాగాలి, ఎప్పుడు తీసి ఎలా వార్చాలి అన్న వంటింటి జాగ్రత్తలన్నీ ఆ చోటు పాకానికి మిగల్చడానికే.

ఒక లెక్క పెట్టుకుని చూద్దాం. అరకిలో శనగపిండి, దాదాపు అంతే బరువు నీళ్లు, బాణలిలో కిలో నూనె. చేతిలో మూడు మిల్లీమీటర్ల చిల్లులున్న బూందీ గరిటె. గరిటెకు వంద గ్రాముల పిండి చొప్పున పది వాయలు వస్తాయి. లడ్డుకు దూసే బూందీ కాబట్టి ఇందులో బియ్యప్పిండి లేదు, సోడా లేదు. బియ్యప్పిండి పెంకును గట్టిపరుస్తుంది. సోడా వేస్తే పూసలో చిల్లులు పెరిగి నూనె పీల్చే చోటు ఎక్కువవుతుంది. ఈ రెండూ కారబూందీకి, పకోడీకి పనికొచ్చేవి.

పిండిని ముందు జల్లించాలి. ఒక్క ఉండ చాలు, ఒక చిల్లు మూసుకుపోయి పక్క చిల్లు నుంచి పిండి వంకరగా జారడానికి. నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించకుండా మొదట సగం పోసి చిక్కగా కలిపి, ఉండలు చితికాక మిగతావి పోయాలి. చిక్కటి పిండిలో గరిటె తిప్పితే ఉండలు ఒరిపిడికి విడిపోతాయి, పల్చటి పిండిలో తేలుతూ తప్పించుకుంటాయి. కలిపాక పది, పదిహేను నిమిషాలు పక్కన పెడితే పిండి రేణువులు నీరు తాగి ఉబ్బుతాయి. అందుకే అప్పటికి పిండి మొదట ఉన్నదానికన్నా చిక్కబడి కనిపిస్తుంది. మొదటి చుక్క వేయబోయే ముందు ఒకటి రెండు చెంచాల నీళ్లు పట్టవచ్చు. ఎంత నీరన్నది పిండి మర ఎంత మెత్తగా పట్టిందో, ఎంత పాతదో దాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఏ కొలతనైనా ఆరంభం అనుకోవాలే గానీ శాసనం అనుకోకూడదు.

ఇప్పుడు చిల్లు దగ్గరికి వద్దాం. గరిటెలో పిండి పోయగానే ప్రతి చిల్లు కిందా ఒక బొట్టు వేలాడుతుంది. బరువు దాన్ని కిందికి లాగుతుంది, పిండి ఉపరితలం చర్మంలా బిగుసుకుని పైకి పట్టి ఉంచుతుంది. భౌతికశాస్త్రం ఆ బిగువుకు పెట్టిన పేరు తలతన్యత. చిల్లు అంచు చుట్టూ ఉన్న ఆ పట్టు ఎంత బరువు మోయగలదో అంత అయ్యాకే బొట్టు తెగుతుంది. మూడు మిల్లీమీటర్ల చిల్లుకు ఈ లెక్క వేస్తే సుమారు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి చుక్క వస్తుంది. అంటే పూస చిల్లుకన్నా పెద్దది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. చిల్లును రెట్టింపు చేసినా చుక్క వ్యాసం నాలుగోవంతు మాత్రమే పెరుగుతుంది. తెగే చుక్క బరువు చిల్లు వ్యాసాన్ని బట్టి పెరుగుతుంది, వ్యాసం మాత్రం ఆ బరువు ఘనమూలాన్ని అనుసరిస్తుంది. అలాగే చిల్లును సగం చేసినంత మాత్రాన పూస సగం కాదు. మోతీచూర్ లాంటి సన్నటి పూస కావాలంటే సన్న చిల్లుల గరిటె కొంటే సరిపోదు. పిండిని ఇంకా జారుగా కలిపి, బొట్లుగా కాకుండా సన్నటి ధారగా దిగేలా తట్టాలి. ధార తెగి పూసలైనప్పుడు మాత్రం పూస కొలత ధార మందాన్ని అనుసరిస్తుంది.

అయితే ఆ బొట్టు చిల్లు అంచునే పట్టుకుని వేలాడుతోందని మనం అనుకున్నాం. గరిటె అడుగు తడిగా, పిండి పూసుకుని ఉంటే ఆ మాట చెల్లదు. బొట్టు చిల్లు దాటి పక్కకు పాకి, పిండి అంటుకున్న మేరంతా తనదే అనుకుంటుంది. అప్పుడు మూడు మిల్లీమీటర్ల చిల్లు ఆరు మిల్లీమీటర్ల చిల్లులా ప్రవర్తిస్తుంది. పక్కపక్క చిల్లుల బొట్లు కలిసిపోతే చుక్కలు కాదు, ముద్దలు రాలతాయి. అనుభవం ఉన్న వంటవాళ్లు వాయ వాయకూ గరిటెను కడిగో, గుడ్డతో అడుగు తుడిచో గానీ మళ్లీ పిండి పోయరు. మొదటి వాయ ముత్యాల్లా వచ్చి మూడో వాయకు పూసలు తోకలు, జంటలు అయ్యాయంటే పిండిని అనుమానించే ముందు గరిటె అడుగు చూడాలి. ఆ అడుగున బాణలి ఆవిరికి ఉడికిన పిండి పొర కూడా కట్టి ఉంటుంది.

గరిటెలో పిండి ఎత్తుకూ పాత్ర ఉంది. చిల్లులోంచి పిండిని తోసేది పైనున్న పిండి బరువే. మూడు సెంటీమీటర్ల ఎత్తున పిండి ఉన్నప్పుడు ఆ ఒత్తిడి, చిల్లు దగ్గర తలతన్యత అడ్డుకునే బలానికి దాదాపు అయిదు రెట్లు. పిండి దిగుతూ దిగుతూ అర సెంటీమీటరుకు చేరేసరికి రెండూ సమానమై ధార ఆగిపోతుంది. అడుగున మిగిలిన ఆ పల్చటి పొరను అరచేత్తోనో, మరో గరిటెతోనో రాస్తే పడేవి పూసలు కావు, పొడుగు తునకలు. దాన్ని తిరిగి గిన్నెలోకి గీకి, గరిటెను ప్రతిసారీ ఒకే ఎత్తుకు నింపితే పూసలు సమానంగా వస్తాయి. రాసే బదులు గరిటె అంచు మీద తట్టడం మంచిదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. శనగపిండి జారు నీళ్ల వంటి ద్రవం కాదు. కదిలించకపోతే బిగుసుకుంటుంది, అదిలిస్తే పల్చబడుతుంది. తట్టిన క్షణం జారి, మరుక్షణం ఆగడంతో ధార ముక్కలై చుక్కలవుతుంది.

తెగిన చుక్క గుండ్రం కావడానికి దానికి దొరికే సమయం గాలిలో ప్రయాణించినంత సేపే. నూనె తాకిందంటే పైపొర గట్టిపడి ఉన్న ఆకారం ఉన్నట్టే నిలిచిపోతుంది. గరిటెను నూనెకు బెత్తెడు ఎత్తున పట్టుకుంటే ఆ సమయం సెకనులో ఎనిమిదో వంతు. పిండి ఆముదమంత చిక్కగా ఉందనుకోండి, అంటే నీటికన్నా సుమారు వెయ్యి రెట్లు. వెనక సాగిన తోకను తలతన్యత లోపలికి లాక్కోవడానికి సెకనులో పాతికో వంతు చాలు. తీరిక ఉన్నట్టే. పిండి దానికి పదిరెట్లు చిక్కనైతే అర సెకను దాకా పడుతుంది. అప్పటికి చుక్క నూనెలో మునిగి, తోకతోనే వేగిపోతుంది. తోక పూసలు కనిపిస్తే చెంచా నీళ్లు పోయమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. ఎత్తు పెంచితే తీరిక దొరుకుతుంది గదా అనిపిస్తుంది. దొరకదనను, కానీ చుక్క వేగంగా వచ్చి నూనె మీద చదునవుతుంది, నూనె చిట్లి చేతి మీద పడుతుంది. మరీ దగ్గర పట్టుకుంటే ఆవిరికి చిల్లుల్లో పిండి ఉడికి మూసుకుపోతుంది. బెత్తెడు దూరం ఈ రెండింటి మధ్య కుదిరిన బేరం. పిండి పల్చనైతే వేరే చిక్కు: చుక్కలు ఆగకుండా ధారగా దిగి, నూనెలో ఒకదాన్నొకటి తాకి అట్టు కడతాయి, పూసలు బిళ్లల్లా చప్పిడిగా వస్తాయి. అప్పుడు పిండి కలపాలి, అదీ పొడిగా చల్లకుండా విడిగా కాస్త నీళ్లలో జారు చేసి.

నూనె వేడి గురించి వంటల పుస్తకాల్లో మాటలు పొదుపుగా ఉంటాయి: మధ్యస్థమైన మంట, కాగిన నూనె. మాటలకన్నా ఒక చుక్క నయం. నూనె సరిగ్గా కాగితే, వేసిన చుక్క మునిగీ మునగకముందే పైకి తేలుతుంది, చుట్టూ బుడగలు గలగలమంటాయి, రంగు మాత్రం వెంటనే మారదు. వేడి కొలిచే సాధనం ఉంటే అది 170 నుంచి 180 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య చూపిస్తుంది. చుక్క అడుగున కూర్చుని తీరిగ్గా లేస్తే వేడి చాలలేదు. పడగానే ఎర్రబడితే మించిపోయింది.

ఈ వేడి చుక్కను ఎందుకు తేలుస్తుంది? పచ్చి పిండి నూనెకన్నా బరువైనది, మునగడమే దాని సహజం. పైపొరలో నీరు ఆవిరి కాగానే ఆ ఆవిరి పూసను ఉబ్బించి తేలిక చేస్తుంది. ఈలోగా పైన పిండిపదార్థం, మాంసకృత్తులు ఉడికి గట్టిపడి పెంకు కడుతుంది. పెంకు త్వరగా కట్టడం, ఆవిరి జోరుగా రావడం రెండూ మనకు మేలే. బయటికి తోసుకొస్తున్న ఆవిరి లోపలికి నూనెను రానివ్వదు. పూసలోపల నీరు మరుగుతున్నంత సేపూ అక్కడి వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నూనె 140 డిగ్రీల దగ్గరే ఉంటే ఈ ఆవిరి కాపలా బలహీనం. పెంకు కట్టకముందే చుక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అంత వేడిలో పూస వేగడానికి ఎక్కువసేపు నూనెలో ఉండాలి, అంతసేపూ నీరు పోగొట్టుకుంటూనే ఉంటుంది. వేడి 200 దగ్గరైతే పైన ముదురు రంగు వచ్చి, లోపల పిండి పచ్చి వాసన మిగులుతుంది.

మంట సరిగ్గా పెట్టినా మూడో నాలుగో వాయకు నూనె నీరసించడం చాలామంది చూసే ఉంటారు. మన లెక్కలో దీన్ని వెతుకుదాం. గరిటెలో వంద గ్రాముల పిండి అనుకున్నాం, అందులో యాభై గ్రాములు నీరు. వేగేటప్పుడు దానిలో 35 గ్రాములు ఆవిరైపోతాయనుకుంటే, పిండిని వంద డిగ్రీలకు తేవడానికి, ఆ నీటిని ఆవిరి చేయడానికి కలిపి సుమారు వంద కిలోజౌళ్ల వేడి కావాలి. అందులో అయిదింట నాలుగు వంతులు ఒక్క ఆవిరికే పోతాయి. పొయ్యి ఏమీ ఇవ్వకపోతే కిలో నూనె దాదాపు 45 డిగ్రీలు చల్లబడుతుంది. ఇంటి గ్యాస్ పొయ్యి పెద్ద మంట మీద ముప్పావు నిమిషంలో అందులో సగం తిరిగి ఇస్తుందనుకున్నా, ఇరవై పైచిలుకు డిగ్రీలు పడిపోవడం ఖాయం. 180తో మొదలైన వాయ 160 దగ్గర ముగుస్తుంది. కిలో నూనెకు వంద గ్రాముల గరిటె హద్దు అని ఇక్కడే తెలుస్తుంది. రెండు గరిటెలు ఒకేసారి దూస్తే 140కి కూడా కిందికి దిగిపోతాం. నూనె కొద్దిగా ఉన్నప్పుడు చిన్న గరిటె వాడాలి, లేదా వాయకూ వాయకూ మధ్య నిమిషం ఆగి మళ్లీ ఒక చుక్కతో పరీక్షించాలి. పెళ్లిళ్లలో గాడిపొయ్యి మీద పెద్ద మూకుడులో దూసే బూందీ ఇంటి బూందీకన్నా సమంగా రావడానికి వంటవాళ్ల చేతివాటంతో పాటు ఆ నూనె రాశి కూడా కారణం. అది వేడిని నిలవ చేసుకుని ఉంటుంది.

ఎప్పుడు తీయాలి? బుడగలు చెబుతాయి. మొదట నూనె నురగలా పొంగుతుంది, తర్వాత బుడగలు సన్నబడతాయి, చివరికి దాదాపు ఆగిపోతాయి. బుడగలు ఆగడమంటే పూసలో నీరు అయిపోవడమే. కారబూందీని అప్పుడు తీయాలి. లడ్డు బూందీని బుడగలు సన్నబడుతున్న దశలోనే, రంగు ఇంకా పసుపుగా ఉండగానే తీసేయాలి. నాలుగు మిల్లీమీటర్ల పూసకు ఇది అర నిమిషం నుంచి ముప్పావు నిమిషం లోపు వ్యవహారం. ఒక పూసను వేళ్ల మధ్య నొక్కితే పెంకు చిట్లి లోపల మెత్తగా, తడి పిండి లేకుండా ఉండాలి. పటుక్కున విరిగి పొడైతే ఆలస్యమైంది. లడ్డు గట్టిపడటానికి అన్నిటికన్నా ఎక్కువగా నేను తప్పుపట్టేది ఈ పావు నిమిషాన్నే, పాకాన్ని కాదు.

ఇక్కడి నుంచి నూనెకు అసలు అవకాశం మొదలవుతుంది. వేపుళ్లు నూనె పీల్చేది బాణలిలో ఉన్నప్పుడని అనుకుంటాం. బంగాళాదుంప చిప్స్ లాంటి వాటి మీద చేసిన పరిశోధనలు వేరే చెప్పాయి. ఎక్కువ నూనె లోపలికి వెళ్లేది బయటికి తీశాకే. పూస నూనెలోంచి లేచినప్పుడు దాని ఖాళీల నిండా ఆవిరి, ఒంటి నిండా నూనె పొర. చల్లబడుతున్నకొద్దీ ఆవిరి మళ్లీ నీరై కుదించుకుపోతుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి పొరలో ఉన్న నూనె లోపలికి లాగబడుతుంది. కాబట్టి పూస చల్లబడేలోగా ఒంటిమీద నూనె ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. వార్చడానికి ఉన్న గడువు నిమిషాల్లో కాదు, సెకన్లలో ఉంది.

ఆ సెకన్లు ఎక్కడ గడపాలన్నది కూడా ముఖ్యమే. 180 డిగ్రీల దగ్గర నూనె చాలా పల్చన. గది వేడికి వచ్చేసరికి అదే నూనె పదిహేను రెట్లకు పైగా చిక్కబడుతుంది. వేడి మీద దానంతటదే కారిపోయే నూనె, చల్లారాక పూసను వదలదు. జల్లిగరిటెతో తీసిన బూందీని వెంటనే పళ్లెంలో బోర్లించకుండా, బాణలి మీదే ఆవిరి సెగలో పట్టుకుని పది, పదిహేను సెకన్లు రెండు మూడుసార్లు విదల్చాలి. ఆ సెగ నూనెను పల్చగా ఉంచుతుంది, పూసలో ఆవిరి ఇంకా బయటికే తోస్తూ ఉంటుంది. తర్వాత చిల్లుల పళ్లెంలోకి పల్చగా పరచాలి. గుట్టగా పోస్తే పై పూసల నూనె కింది పూసల్లోకి దిగుతుంది, కింద ఆవిరి చిక్కి పూసలు చెమర్చి అంటుకుంటాయి. కాగితం పరచడం తప్పు కాదు గానీ, అది తాకిన పూసల నూనెనే పీలుస్తుంది. నాలుగు వరసల బూందీకి అడుగున ఒక కాగితం ఉన్నా లేనట్టే.

నేతి లడ్డుకు మాత్రం ఈ మాటల్లో కొంత సడలింపు ఉంది. తిరుమల శ్రీవారి లడ్డు బూందీ నేతిది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లడ్డుకు శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, యాలకులు వంటి సరుకుల కొలతను దిట్టం అంటారు. నెయ్యి చల్లారితే పేరుకుంటుంది. పూసల మధ్య మిగిలిన నెయ్యి లడ్డును పట్టి ఉంచడంలో పాకానికి తోడవుతుంది, నోటిలో కరుగుతుంది. నూనె చల్లారినా ద్రవంగానే ఉండి పూసను జారుడు చేస్తుంది తప్ప పట్టు ఇవ్వదు. నూనెలో దూసి పాకంలో చెంచాల కొద్దీ నెయ్యి కలిపేవాళ్లు వాసనతో పాటు ఈ పట్టునూ తెచ్చుకుంటున్నారు.

ఇక పాకం. నూనెను లోపలికి లాగిన ఆ కుదింపే పాకాన్నీ లాగగలదు, పూస ఇంకా వెచ్చగా ఉండగా పాకంలో పడితే. అందుకే పాకాన్ని ముందే సిద్ధం చేసి సన్న సెగ మీదో, వేడినీళ్ల గిన్నెలోనో వెచ్చగా ఉంచుకుని, నూనె కారిన వాయను వెంట వెంటనే అందులో వేయడం మంచిది. బూందీ అంతా దూశాక పాకం మొదలుపెడితే, మొదటి వాయలు చల్లారి, మిగిలిన నూనెను తాగేసి కూర్చుంటాయి.

అరకిలో పిండికి ఆరువందల గ్రాముల నుంచి ముప్పావు కిలో దాకా చక్కెర పోస్తారు. అది మునిగేంత నీళ్లతో కాచి, వేళ్ల మధ్య లేత తీగ సాగేటప్పుడు దించాలి. అప్పుడు పాకం 105 డిగ్రీల దగ్గర మరుగుతూ ఉంటుంది, బరువులో సుమారు 70 శాతం చక్కెర. గది వేడిలో నీరు కరిగించుకోగల చక్కెర 67 శాతం దాకా. లేత తీగపాకం ఆ హద్దును కొంచెమే దాటింది కాబట్టి చల్లారాక పూసల మీద సన్నటి చక్కెర పొర మాత్రం కట్టి, మిగతాది ద్రవంగా పూసల్లో నిలుస్తుంది. ముదిరి 110 దాటితే చక్కెర 75 శాతానికి పైబడుతుంది, ఆ అదనమంతా చల్లారాక స్ఫటికాలుగా బిగుస్తుంది. పూస బాగా నీరు పోగొట్టుకుని కరకరలాడేదైతే లేత పాకం కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఎండిన పూస పాకంలోని నీటిని లాక్కుంటుంది, బయట మిగిలిన పాకం దానంతటదే ముదురుతుంది. పాకం పట్టినవారు చేతులెత్తేసి, నేను లేతగానే దించానని వాపోయేది ఇలాంటప్పుడే. వారి మాట నిజమే.

పాకంలో పడ్డ బూందీని కలిపి మూతపెట్టి పావుగంట వదలాలి. తీసి చూస్తే గిన్నె అడుగున పాకం దాదాపు కనిపించకూడదు, పూసలు ఉబ్బి మెరుస్తూ ఉండాలి. పాకం అలాగే నిలిచి, దాని మీద నూనె చుక్కలు తేలుతుంటే వార్చడంలో లోపం జరిగిందని అర్థం, ఇప్పుడు దాన్ని వెనక్కి తీయలేం. చేయి కాలనంత వేడిలో ఉండగానే చుట్టాలి. చల్లారితే పైన చక్కెర కట్టి పూసలు ఒకదానికొకటి అంటుకోవు. ఉండ విడిపోతుంటే మళ్లీ పాకం పోసే బదులు పిడికెడు బూందీని చేత్తో చిదిమి కలపాలి. చిదిమిన పూసల లోపలి మెత్తటి పిండి పాకంతో కలిసి జిగురవుతుంది, గుండ్రటి పూసల మధ్య సందులు పూడుస్తుంది. అయితే చిదమడానికి లోపల మెత్తదనం మిగిలి ఉండాలి. కరకరగా వేగిన పూస చిదిమితే పొడే వస్తుంది, ఆ బూందీకి నాలుగు చెంచాల వేడినీళ్లు చల్లి మూతపెట్టి గంటసేపు ఆగడం తప్ప దారి లేదు.